కొటేషన్ దాటిన బిల్లు

బాత్రూమ్ గోడ టైల్స్ మార్చడానికి కాంట్రాక్టర్ 52,000 రూపాయలకు ఒప్పుకున్నాడనుకుందాం. పనయ్యాక బిల్లు 63,800 వచ్చింది. గొడవకు దిగేముందు టేపు తీయండి.

గోడలు 140 చదరపు అడుగులు. కోతల్లో పోయేదానికి పది శాతం కలిపితే 154. పెట్టెకు 9 అడుగుల చొప్పున 18 పెట్టెలు చాలు; కొటేషన్‌లోనూ అంతే ఉంది. బిల్లులో మాత్రం 22. మిగిలిన నాలుగూ విప్పకుండా ఉంటే చాలా షాపులు వెనక్కి తీసుకుంటాయి. కాబట్టి ఆ 1,800 తీసేయమనండి.

మిగతా 10,000 మేస్త్రీకి, కూలీకి కలిపి రోజుకు 2,000 చొప్పున ఐదు రోజుల అదనపు కూలి. ఇక్కడ కాంట్రాక్టర్ మాటలోనూ న్యాయముంది. పాత టైల్స్ పీకితే బోలుగా ఉన్న ప్లాస్టరింగ్ ఊడి వస్తుంది; అది ముందుగా కనిపించదు. అయితే మళ్లీ ప్లాస్టరింగ్‌కు పట్టింది రెండు రోజులే. మిగతా మూడు రోజులూ టైల్స్ అతికించిన పని. అడుగు రేటులో ఆ కూలి ఎప్పుడో కలిసిపోయింది!

అంటే ఇవ్వాల్సింది 56,000. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి, ఆఖరి వాయిదా చెల్లించకముందే.