వేడినీళ్లకు ఎందుకింత ఆలస్యం?

డాబా మీద సోలార్ హీటర్, కింద స్నానాలగది. నడుమ ముప్పావు అంగుళం పైపు 20 మీటర్లు అనుకుందాం. మీటరుకు సుమారు పావు లీటరు చొప్పున అందులో 5 లీటర్ల చల్లారిన నీళ్లుంటాయి. అవి పోతేగానీ వేడినీళ్లు దిగవు.

పైపుకు ఫోమ్ గొట్టం తొడిగితే, వెంటవెంటనే స్నానాలు చేసే ఇంట్లో రెండో మనిషికి వేడినీళ్లు ఇట్టే అందుతాయి. రాత్రంతా వాడని పైపును మాత్రం అది కాపాడలేదు. పొద్దున్నే తొలి స్నానానికీ ఎదురుచూపు తప్పాలంటే కుళాయి దగ్గర నుంచి ట్యాంకుకు తిరుగు పైపు, చిన్న పంపు, నాన్ రిటర్న్ వాల్వ్ కావాలి. తిరుగు పైపుకూ ఫోమ్ తొడగాల్సిందే. పంపు రోజంతా తిరిగితే ట్యాంకే చల్లారిపోతుంది. స్నానానికి ముందు కాసేపే నడిచేలా స్విచ్చో టైమరో పెట్టించండి.