పండు మారింది, నవ్వు మిగిలింది

పళ్లరసం ప్రకటన ఒకటి ఊహించండి. జంట గ్లాసుల బొమ్మ, కింద ‘పర్ఫెక్ట్ పేర్’ అన్న మాట. ఇంగ్లీషులో పేర్ పండూ, జంటా ఒకేలా పలుకుతాయి. వియత్నామీస్‌లో పండు ‘లే’, జంట ‘డోయ్’. శ్లేష అక్కడే ఆవిరైపోయింది. పైగా ‘లే’కి ఈడ్చుకుంటూ నడవడం అనే అర్థమూ ఉంది. దక్షిణాదిలో చాలామంది కొత్త సంవత్సరమైన ‘తెత్’కి పళ్లెంలో ఆ పండు పెట్టరు.

అందుకని అనువాదకుడు వాక్యాన్ని వదిలి, దాని పనిని పట్టుకోవాలి: పండు పేరు శుభాకాంక్షగా వినిపించాలి. సైగాన్ ఇళ్లలో అది సిద్ధంగానే ఉంది. సీతాఫలం, కొబ్బరికాయ, బొప్పాయి, మామిడి వరసగా పేర్చి చదివితే ‘ఖర్చుకు సరిపడా ప్రసాదించు’ అన్నట్టు ధ్వనిస్తుంది. పండగ ప్రకటనకు ఇంతకంటే ఏం కావాలి? జంట ముచ్చట పోతుంది, పోనివ్వండి.

చిక్కు యాసతోనే. కొబ్బరికాయ ‘సరిపడా’గా మారేది దక్షిణాది నోట్లోనే. హనోయి ఉచ్చారణలో ఆ రెండు మాటల మొదటి హల్లులు వేరు. కాబట్టి రేడియోకి దక్షిణాది గొంతే కావాలి. ఉత్తరాదికి వేరే వాక్యం రాయించుకోవడమే మేలు.