ముట్లు ఆగినంక చర్మం: అపోహలు – వాస్తవాలు

ఖానాపూర్ వైపు నలభై అయిదు దాటిన ఆడవాళ్లు చర్మం గురించి చెప్పుకునే బాధలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. స్నానం చేసి రాగానే ఒళ్లంతా బిగదీసినట్టు అవుతుంది. ఇన్నేళ్లు వాడిన సబ్బే ఇప్పుడు మొహం మీద పెడితే మండుతుంది. పిక్కల మీద గోరుతో గీస్తే తెల్లటి గీత పడుతుంది. ఎండలో పనిచేస్తున్నాం కదా, బీడీల పొగాకు దుమ్ములో కూర్చుంటున్నాం కదా, చలికాలం కదా అని సర్దుకుపోతారు. అవీ కారణాలే. వాటి వెనక ఉన్న పెద్ద కారణం మాత్రం నోటి దాకా రాదు. అది ముట్లు ఆగిపోవడం.

వరుసగా పన్నెండు నెలలు ముట్టు రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు లెక్క. పశ్చిమ దేశాల్లో ఇది సగటున 51 ఏళ్లకు వస్తే, మన దేశంలో 46, 47 ఏళ్లకే వస్తుంది. అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజన్ పడిపోగానే చర్మంలో రెండు మార్పులు మొదలవుతాయి. మొదటిది, చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ తరిగిపోతుంది. ముట్లు ఆగిన మొదటి అయిదేళ్లలోనే సుమారు 30 శాతం పోతుందని, తర్వాత ఏటా 2 శాతం చొప్పున తగ్గుతుందని పరిశోధకులు అంచనా కట్టారు. రెండోది, నూనె గ్రంథుల పని మందగిస్తుంది, పై పొరలోని కొవ్వు పదార్థాలు తగ్గుతాయి. దాంతో లోపలి తడి బయటకు పోతుంది, బయటి మంట పుట్టించే పదార్థాలు లోపలికి దిగుతాయి. పొడిబారడం, కళ తప్పడం, కొత్తగా ఏదీ పడకపోవడం మూడూ ఈ ఒక్కచోటు నుంచే వస్తాయి. ఇది గుర్తుంచుకుంటే కింద చెప్పే అపోహలు ఎందుకు హాని చేస్తాయో తేలిగ్గా అర్థమవుతుంది.

అపోహ: "మొకం మాసిపోయింది, గట్టిగ రుద్దితే కళ వస్తది."

చర్మం కళ తప్పడానికి మురికి కారణం కాదు. వయసుతో పై పొరలోని పాత కణాలు నెమ్మదిగా రాలుతాయి. తడి లేక అవి పొట్టులా లేచి నిలబడతాయి. అలాంటి గరుకు చర్మం మీద వెలుగు సరిగా తిరిగి రాదు, అందుకే మొహం బూడిద రంగులో కనిపిస్తుంది. నైలాన్ పీచుతోనో, బరకగా దంచిన సున్నిపిండితోనో రుద్దితే ఆ పొట్టు ఆ పూటకు పోతుంది. దాంతోపాటు మిగిలి ఉన్న కాస్త కొవ్వు కూడా పోతుంది. సాయంత్రానికి మంట, రెండో రోజుకు ఇంకా ఎక్కువ పొడి. నిమ్మరసం పూసి ఎండలోకి వెళితే ఆ మేర చర్మం కాలి నల్ల మచ్చలు కూడా పడతాయి.

సబ్బు సంగతి కూడా ఇదే. ఆరోగ్యంగా ఉన్న చర్మం కొద్దిగా పులుపు గుణంతో ఉంటుంది. దాని పీహెచ్ 5 చుట్టూ ఉంటుంది. మామూలు స్నానం సబ్బు పీహెచ్ 9, 10 ఉంటుంది. పాతికేళ్ల చర్మం ఆ దెబ్బను కొన్ని గంటల్లో సరిచేసుకుంటుంది, యాభై ఏళ్ల చర్మానికి అంత శక్తి ఉండదు. ఉప్పుబోరు నీళ్లయితే సబ్బు జిడ్డు సరిగా కడుక్కుపోక చర్మం మీదే ఉండిపోతుంది.

ఒక ఉదాహరణగా చూద్దాం. మన ఖానాపూర్ మండలంలోనే 49 ఏళ్ల బీడీ కార్మికురాలు ఒకామె ఉందనుకోండి. ముట్లు ఆగి రెండేళ్లయింది. డిసెంబరు చలికి పొయ్యి మీద నీళ్లు బాగా మరిగించి, ఒళ్లంతా రెండుసార్లు సబ్బు పెట్టి, పీచుతో తోమి స్నానం చేస్తుంది. తువ్వాలుతో గట్టిగా తుడుచుకుని, మధ్యాహ్నం ఎప్పుడో ఒళ్లు దురద పెడితే కొబ్బరినూనె రాస్తుంది. దురద తగ్గదు.

ఆమె మార్చుకోవాల్సినవి కొన్నే. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, స్నానం పది నిమిషాల్లో ముగియాలి. సబ్బు చంకల్లో, గజ్జల్లో, పాదాలకు చాలు. చేతులకూ కాళ్లకూ వీపుకూ మట్టి, చెమట అంటిన రోజు తప్ప నీళ్లే సరిపోతాయి. పొగాకు అంటిన చేతులను మాత్రం పని ముగియగానే సబ్బుతో కడిగి, వెంటనే నూనెగాని క్రీము గాని రాయాలి. తువ్వాలుతో అద్ది, ఒంటి మీద ఇంకా తేమ ఉండగానే, అంటే మూడు నిమిషాల లోపు, ఒళ్లంతా పూత పూయాలి. ఆమె చేస్తున్న అసలు పొరపాటు ఇక్కడే ఉంది. నూనె చర్మంలోకి తడి తేదు, ఉన్న తడిని పోనీయకుండా మూత వేస్తుంది. ఆరిపోయిన చర్మం మీద రాస్తే మూత వేయడానికి లోపల తడే ఉండదు.

రోజూ ఇలా చేస్తే రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. గోరుతో గీస్తే తెల్ల గీత పడకపోవడం, స్నానం తర్వాత బిగదీసినట్టు లేకపోవడం దానికి గుర్తులు. రెండు వారాలు సరిగ్గా చేసినా దురద అలాగే ఉంటే అది ఒట్టి పొడి చర్మం కాదనుకోవాలి.

అపోహ: "ఖరీదైన క్రీమైతేనే పనిచేస్తది."

కొబ్బరినూనె పొడి చర్మానికి పనికొస్తుందని పరీక్షల్లోనే తేలింది. పెట్రోలియం జెల్లీ అంతకన్నా గట్టి మూత, పగిలిన మడమలకూ పిక్కలకూ రాత్రిపూట అదే మంచిది. గ్లిజరిన్ తడిని పట్టి ఉంచుతుంది, కానీ నీళ్లు కలపకుండా చిక్కగా రాయకూడదు. మొహానికి మాత్రం వాసన లేని, రంగు లేని మామూలు మాయిశ్చరైజర్ వాడటం మేలు. సీసా మీద పువ్వుల బొమ్మ, ఘుమఘుమలాడే వాసన ఉన్నాయంటే ఈ వయసు చర్మం మండే అవకాశం ఎక్కువ. ఇక కొలాజెన్ క్రీముల విషయం. కొలాజెన్ అణువు చాలా పెద్దది, పైన పూస్తే చర్మంలోకి దిగదు. ఆ డబ్బుతో గొడుగు కొనుక్కోవడం నయం.

ఎండ నుంచి కాపాడుకోవడం ఏ క్రీము కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. పలచబడ్డ చర్మంలో మిగిలిన కొలాజెన్‌ను ఎండే త్వరగా విరగ్గొడుతుంది. పొలం కూలీకి, తునికాకు సేకరణకు వెళ్లేటప్పుడు చీర మీద నిండు చేతుల చొక్కా తొడుక్కోవడం మన ఆడవాళ్లకు అలవాటే. దానికి తోడు నెత్తి నుంచి చెంపల మీదికి వచ్చేలా కొంగు కట్టుకుంటే చాలావరకు రక్షణ దొరుకుతుంది. సన్‌స్క్రీన్ వాడగలిగితే ఎస్పీఎఫ్ 30 ఉన్నది, చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా పిండినంత, మొహానికీ మెడకూ కలిపి రాయాలి. శనగ గింజంత రాస్తే రాయనట్టే.

అపోహ: "మెడికల్ షాపుల ఇచ్చిన ట్యూబు రాస్తే వారంల తెల్లగైతది."

అన్నిటికన్నా నాకు భయం కలిగించేది ఇది. ఆ ట్యూబుల్లో చాలావాటిలో బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటుంది, కొన్నిటిలో దానికి తోడు హైడ్రోక్వినోన్ ఉంటుంది. మొదటి వారం ఎరుపు తగ్గి రంగు తేలుతుంది, మంట చల్లారుతుంది. అందుకే నమ్మకం కుదురుతుంది. అయితే ఎక్కువకాలం రాస్తే స్టెరాయిడ్ చర్మాన్ని పలచబరుస్తుంది. ముట్లు ఆగి ఇప్పటికే పలచబడిన మొహం మీద నెలల తరబడి రాస్తే చెంపల మీద సన్నటి ఎర్ర నరాలు బయటపడతాయి. మొటిమలు లేస్తాయి, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతాయి, ఎండ తగలగానే మొహం కాలినట్టు మండుతుంది. గడ్డం మీద వెంట్రుకలు మెనోపాజ్‌లో మామూలుగానూ వస్తాయి కాబట్టి ట్యూబు మీద అనుమానం రాదు. మానేస్తే రెండు మూడు రోజుల్లో మొహం ఎర్రగా ఉబ్బుతుంది, మళ్లీ రాస్తారు. అలా విడవలేని స్థితికి చేరతారు.

2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు. ట్యూబు మీద ఎర్ర గీత గాని, షెడ్యూల్ హెచ్ హెచ్చరిక గాని ఉంటే అది అందం క్రీము కాదు, మందు. నెలల తరబడి వాడి ఉంటే ఒక్కసారిగా మానేయకుండా చర్మ డాక్టర్‌కు ఆ ట్యూబు చూపించి, ఎలా తగ్గించుకోవాలో అడగాలి.

అపోహ: "పదేండ్ల నుంచి వాడుతున్న రంగే, గిప్పుడెందుకు పడదు?"

అలర్జీ ఎక్కువగా మొదటిసారి వాడిన వస్తువుతో కాక, ఏళ్ల తరబడి వాడిన వస్తువుతోనే వస్తుంది. తెల్లవెంట్రుకలకు వేసే నల్ల రంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనానికి ఇది మరీ ఎక్కువ. నల్ల మెహందీ పేరుతో అమ్మే పొడుల్లోనూ అది ఉండొచ్చు. నుదురు, చెవుల వెనక, మెడ మీద దురద, రంగు వేసిన ఒకటి రెండు రోజులకు కళ్లు వాయడం దీని గుర్తులు. అలా ఒక్కసారి జరిగినా ఆ రంగు మళ్లీ ముట్టుకోకూడదు, తర్వాతిసారి ఇంకా తీవ్రంగా వస్తుంది. ఇంతవరకు ఏమీ కాకున్నా, కలిపిన రంగును మోచేతి మడతలో చుక్కంత పెట్టి 48 గంటలు చూశాకే తలకు వేసుకోవాలి. నుదుటి మీద బొట్టు పెట్టేచోట తెల్లబడినా, దురద పుట్టినా స్టిక్కర్ జిగురు పడకపోయి ఉండొచ్చు. దాన్ని ఆపి డాక్టర్‌కు చూపించాలి.

అపోహ: "గర్భసంచి తీసేసిన్రు, ఇగ నాకు మెనోపాజ్ ఏంది?"

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న మహిళల శాతం దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. కాబట్టి ఈ ప్రశ్న మన ఇళ్లలోదే. ఆపరేషన్‌లో గర్భసంచి మాత్రమే తీసి అండాశయాలు ఉంచితే ముట్టు ఆగినా ఈస్ట్రోజన్ వస్తూనే ఉంటుంది. అయితే మెనోపాజ్ కొంచెం ముందుగా రావచ్చు, ముట్టు లేదు కాబట్టి అది వచ్చినట్టు తెలియదు. అండాశయాలు రెండూ తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది, వేడి ఆవిర్లు రోజుల్లోనే మొదలవుతాయి, చర్మం కూడా త్వరగా పొడిబారుతుంది. 38 ఏళ్ల ఆమెకు యాభై ఏళ్ల చర్మపు బాధలు వస్తే కారణం ఇదే కావచ్చు. చర్మం ఒక్కటే కాదు, ఎముకలూ బలహీనపడతాయి. అందుకని డిశ్చార్జి కాగితాలు వెతికి, అండాశయాలు ఉన్నాయో లేవో డాక్టర్‌తో చదివించుకోవాలి. హార్మోన్ మాత్రలు వాడాలా అన్నది ఆ డాక్టరే తేల్చాలి. చర్మం కోసమే ఎవరూ వాటిని వాడరు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి, రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవారికి సాధారణంగా ఇవ్వరు.

కింద మంట, పొడి కూడా ఈస్ట్రోజన్ తగ్గడం వల్లే వస్తాయి. అక్కడ సబ్బు, డెట్టాల్ వాడితే మంట పెరుగుతుంది. ఒట్టి నీళ్లతో కడుక్కుని, సిగ్గుపడకుండా డాక్టర్‌కు చెబితే దానికి వేరే క్రీములున్నాయి.

అపోహ: "దురద వయసుతోని వచ్చేదే."

పూత సరిగ్గా వాడినా తగ్గని దురద వెనక థైరాయిడ్, షుగర్, రక్తహీనత, కిడ్నీ, లివర్ జబ్బులు ఉండొచ్చు. చలి తట్టుకోలేకపోవడం, ఒళ్లు బరువెక్కడం తోడైతే థైరాయిడ్ చూడాలి. రాత్రిపూట ఎక్కువై, ఇంట్లో ఇంకొకరికీ ఉంటే గజ్జి కావచ్చు. మానని పుండు, ఆకారమో రంగో మారుతున్న మచ్చ ఉంటే ఆలస్యం చేయొద్దు.

తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న కరీంనగర్‌లో మొదలుపెట్టిన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో మెనోపాజ్ సమస్యలను కూడా చేర్చారు. మీ ఊరికి దగ్గర్లో ఏ ఆసుపత్రిలో చూస్తారో ఆశా కార్యకర్తను అడగండి. వెళ్లేటప్పుడు ఇంట్లో వాడుతున్న సబ్బు, జుట్టు రంగు ప్యాకెట్టు, మొహానికి రాసే ట్యూబు, పాత ఆపరేషన్ కాగితాలు సంచిలో వేసుకుని తీసుకెళ్లండి.