ఆరు పేజీలు రెండు కావాలంటే

తుఫాను వెలిశాక పంటనష్టం మీద రాసే చిత్తు నివేదిక చూస్తుండగానే ఆరు పేజీలవుతుంది. పై అధికారి రెండు పేజీల్లో ఇమ్మంటారు. ఎర్ర పెన్ను పట్టుకుని మొదటి లైను నుంచి కొట్టేసుకుంటూ పోతే పేజీలు తగ్గుతాయి గానీ, వాటితోపాటు ఏ కౌలు రైతుకో రావలసిన సాయమూ పోవచ్చు. అందుకే ఒక్క మాట కూడా కొట్టకముందే నివేదికలోని విషయాలన్నీ విడి కాగితం మీద ఒక్కో వరుసగా రాసుకుని అంకెలు వేయాలి. తర్వాత చిత్తు చదువుతూ ఆ విషయం వచ్చిన ప్రతిచోటా మార్జిన్‌లో అదే అంకె వేయాలి. నాలుగుచోట్ల ‘3’ పడిందంటే మూడు చోట్ల కోయవచ్చన్నమాట.

ఒక ఊరిని ఊహించుకుందాం. చిత్తులో ఇలా ఉంది: “భారీ వర్షాల వల్ల వరికి తీవ్ర నష్టం వాటిల్లినది. 8వ తేదీన పెద్దలతో కలిసి పరిశీలించగా భారీ వర్షాలకు వరి తీవ్రంగా దెబ్బతిన్నట్లు గమనించడమైనది. ప్రాథమిక అంచనా ప్రకారం 120 ఎకరాల్లో 33 శాతం, ఆపైన నష్టం జరిగినది. ఇందులో 45 ఎకరాలు కౌలు రైతులు సాగు చేసినవి.”

కోశాక: “8వ తేదీ పరిశీలనలో, ప్రాథమిక అంచనా ప్రకారం, భారీ వర్షాలకు 120 ఎకరాల వరి 33 శాతం, ఆపైన దెబ్బతింది. అందులో 45 ఎకరాలు కౌలు రైతుల సాగు.”

‘తీవ్ర’ అన్న మాట పోయినా నష్టమేమీ లేదు, శాతం ఆ పని చేస్తోంది. ‘ప్రాథమిక అంచనా’ మాత్రం పోకూడదు. అది పోతే లెక్క తేలిపోయిందని చదివేవాళ్లు అనుకుంటారు. 33 శాతం కూడా అలంకారం కాదు, విపత్తు సాయం నిబంధనల్లో పెట్టుబడి రాయితీకి అదే గీత.

ఒకే విషయంలా కనిపించేవన్నీ ఒకటి కావు. రెండో పేజీలో 120 ఎకరాలని, అయిదో పేజీలో 118 అని ఉంటే అది పునరుక్తి కాదు, తేడా. నచ్చినదాన్ని ఉంచి రెండోది కొట్టేస్తే తప్పు శాశ్వతంగా దాక్కుంటుంది. పొలంలో రాసుకున్న జాబితా తెరిచి ఏది సరైనదో తేల్చాకే కోయాలి.

అనవసరమైన వివరాల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఇది తీసేస్తే సాయం ఎవరికి, ఎంత అన్న నిర్ణయం మారుతుందా అని అడిగి చూడాలి. వాన ఎప్పుడు మొదలైందో, ఎవరింట్లో కూర్చుని వివరాలు రాసుకున్నారో తీసేయవచ్చు. నాలుగో పేజీలో ప్రయాణం గురించి ఒక పేరా ఉంది: బురద, తెగిన గట్టు, కదలని బండి. మొత్తం కొట్టేయాలనిపిస్తుంది. దాని చివర ఉంది అసలు మాట: “అందువల్ల చెరువు కింది 12 ఎకరాలకు వెళ్లలేకపోయాము.” అంటే 120లో ఆ పన్నెండూ లేవు. బురద, గట్టు, బండి పోయి ఒక్క వాక్యం మిగలాలి: “దారి లేక చెరువు కింది 12 ఎకరాలు ఇంకా చూడలేదు, అవి పై లెక్కలో చేరలేదు.”