నెట్ సెంటర్ కంప్యూటర్‌లో లాగిన్: అపోహలు – వాస్తవాలు

హాల్‌టికెట్లు, కౌన్సెలింగ్ పత్రాలు, ఉద్యోగ దరఖాస్తులు ప్రింటు తీసుకోవడానికి తెలుగు రాష్ట్రాల చిన్న పట్టణాల్లో నేటికీ నెట్ సెంటరే దిక్కు కావడం వల్ల, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవారు సైతం అక్కడి కంప్యూటర్‌లో తమ జీమెయిల్ తెరవక తప్పని సందర్భాలు వస్తుంటాయి. అలా తెరిచిన ఖాతాకు పొంచి ఉన్న ప్రమాదాలు రెండు రకాలు: వాడినవారు లేచి వెళ్లాక యంత్రంలో మిగిలిపోయేవాటి వల్ల కలిగేది ఒకటి, వారు టైపు చేస్తుండగానే జరిగిపోయేది మరొకటి. మొదటిదానిని మంచి అలవాట్లతో దాదాపు పూర్తిగా నివారించవచ్చు. రెండోదానిని ఆ కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఏ పనితోనూ పూర్తిగా నివారించలేము. ఈ తేడా గుర్తించకపోవడం వల్లనే కింది అపోహల్లో చాలావరకు పుట్టాయి.

అపోహ: విండో మూసేస్తే లాగౌట్ అయినట్టే.

పాస్‌వర్డ్ సరిపోయిన వెంటనే జీమెయిల్ వంటి సైటు బ్రౌజర్‌కు ఒక గుర్తింపు చీటీని పంపుతుంది. కుకీ అని పిలిచే ఆ చీటీని బ్రౌజర్ దాచుకుని, ఆ తరువాత పేజీ అడిగిన ప్రతిసారీ దానిని సైటుకు చూపుతుంది కాబట్టే పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ కొట్టనక్కరలేదు. విండో మూసినప్పుడు తెర మీది పేజీ పోతుందే తప్ప ఈ చీటీ పోదు. తరువాత అదే కుర్చీలో కూర్చున్నవారు gmail.com అని కొడితే ముందువారి ఉత్తరాలే తెరుచుకుంటాయి. Sign out నొక్కితేనే ఆ లాగిన్ ముగుస్తుంది. బ్రౌజర్ "పాస్‌వర్డ్ దాచమంటారా" అని అడిగినప్పుడు అలవాటు కొద్దీ అవునని నొక్కినవారికి లాగౌట్ కూడా రక్షణ కాదు, ఎందుకంటే పాస్‌వర్డే ఆ యంత్రంలో ఉండిపోతుంది.

అపోహ: ఇన్‌కాగ్నిటోలో తెరిస్తే ఏ జాడా మిగలదు, ఎవరికీ తెలియదు.

క్రోమ్‌లో Ctrl+Shift+N నొక్కితే వచ్చే ఈ విండో చూసిన పేజీల చరిత్రను దాచుకోదు, కుకీలను చివర్లో చెరిపివేస్తుంది. నెట్ సెంటర్‌లో దీనిని వాడటం నిజంగా మంచి అలవాటే. అయితే ఇన్‌కాగ్నిటో విండోలు ఎన్ని తెరిచి ఉంటే అన్నింటినీ మూసినప్పుడే కుకీలు పోతాయి; ఒక ట్యాబ్ మూసి మరొకటి వదిలేస్తే లాగిన్ బతికే ఉంటుంది. దించుకున్న ఫైళ్లు మాత్రం ఎలాగూ Downloads ఫోల్డర్‌లోనే ఉండిపోతాయి. ఆధార్ ప్రతి, మార్కుల జాబితా, ఫోటో, సంతకం అన్నీ ఒకేచోట వరుసగా పడి ఉండే ఆ ఫోల్డర్ గురించి చాలామంది ఆలోచించరు. ఖాతాకు తాళం వేసి పత్రాలను మాత్రం బయట వదిలిపోవడం అనే ఈ పొరపాటు, లాగౌట్ మరచిపోవడం కంటే తక్కువ నష్టకరమైనది కాదు.

అపోహ: https ఉంటే, లేదా మౌస్‌తో నొక్కే కీబోర్డు వాడితే పాస్‌వర్డ్ ఎవరికీ చిక్కదు.

అడ్రస్ మొదట్లో కనిపించే https అన్నది బ్రౌజర్ నుంచి సైటు వరకు జరిగే ప్రయాణంలో సమాచారాన్ని ఎవరూ చదవలేకుండా చేసే ఏర్పాటు. కీలాగర్ అనే దొంగ ప్రోగ్రామ్ ఆ ప్రయాణం మొదలు కాకముందే, నొక్కిన ప్రతి మీటనూ నమోదు చేసుకుంటుంది. కీబోర్డు తీగకూ కంప్యూటర్‌కూ నడుమ గుచ్చే చిన్న పరికరం రూపంలో కూడా ఇది దొరుకుతుంది. కంప్యూటర్ వెనుక కీబోర్డు తీగ నేరుగా కాక మరో ముక్క ద్వారా వెళుతుంటే ఆ యంత్రాన్ని వదిలివేయాలి. ప్రోగ్రామ్ రూపంలో ఉన్నదానిని మామూలు వాడకందారు పసిగట్టడం దాదాపు అసాధ్యం. మౌస్‌తో అక్షరాలు నొక్కే తెర కీబోర్డు ఆ చిన్న పరికరాన్ని తప్పించగలదు గానీ, నొక్కినప్పుడల్లా తెరను ఫోటో తీసే ప్రోగ్రాములనూ, పేజీలో నింపిన వివరాలను నేరుగా లాక్కునేవాటినీ తప్పించలేదు.

అపోహ: నెట్ సెంటర్ యజమాని తెలిసినవాడైతే భయం లేదు.

ఈ విషయంలో న్యూయార్క్ ఉదంతం గుర్తుంచుకోదగినది. ఆ నగరంలోని కింకోస్ అనే ప్రింటింగ్, ఇంటర్నెట్ దుకాణాల కంప్యూటర్లలో ఒక వ్యక్తి రహస్యంగా కీలాగర్ పెట్టి, 450కి పైగా యూజర్ పేర్లు, పాస్‌వర్డ్‌లు సేకరించి, 2003లో కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. అతడు ఆ దుకాణాల యజమాని కాదు. బాధితుల్లో ఒకరు ఇంట్లో ఉండగా తన కంప్యూటర్ తెర మీద మౌస్ గుర్తు దానంతట అదే కదులుతూ ఫైళ్లు తెరుస్తుండటం గమనించడంతో గుట్టు బయటపడింది. యజమాని ఎంత నిజాయతీపరుడైనా, ఉదయం నుంచి అదే యంత్రం ముందు కూర్చుని లేచినవారందరికీ అతడు హామీ ఇవ్వలేడు. మన దేశంలో 2011 నాటి సైబర్ కేఫ్ నిబంధనలు వాడకందారు గుర్తింపు పత్రం చూడాలనీ, వివరాల నమోదును కనీసం ఏడాది భద్రపరచాలనీ చెబుతున్నాయి. నేరం జరిగాక విచారణకు ఇవి ఉపకరిస్తాయి గానీ, నేరాన్ని ఆ క్షణంలో ఆపవు.

అపోహ: ఓటీపీ పెట్టుకున్న ఖాతాకు ఏమీ కాదు.

పాస్‌వర్డ్ తరువాత ఫోన్‌కు వచ్చే అంకె కూడా అడిగే రెండంచెల లాగిన్ పెట్టుకోవడం ఈ వ్యవహారమంతటిలో అత్యంత విలువైన జాగ్రత్త, ఎందుకంటే కీలాగర్‌కు చిక్కిన పాస్‌వర్డ్ ఒక్కటే అప్పుడు దొంగకు చాలదు. ఫోన్‌కు సిగ్నల్ అందనిచోట వాడుకోవడానికి గూగుల్ ఖాతా పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది కాబట్టి అది నమోదైనా ప్రయోజనం ఉండదు. అయితే ఓటీపీ కాపాడేది ప్రవేశద్వారాన్నే. తెరిచి వదిలేసిన లాగిన్‌ను అది కాపాడదు. పైగా అంకె కొట్టే పేజీలో Don't ask again on this device అనే గడిలో టిక్కు ఉంటే, ఆ యంత్రానికి రెండో అంచె వర్తించదు. ఆ టిక్కు ముందే పెట్టి ఉండవచ్చు కనుక చూసి తీసివేయడం అవసరం.

పరీక్ష హాల్‌టికెట్ ప్రింటు తీసుకోవలసిన ఒక విద్యార్థిని ఉదాహరణగా తీసుకుంటే, ఫైలును తన ఫోన్ నుంచే నెట్ సెంటర్ మెయిల్‌కు పంపడం అన్నింటికంటే మేలైన మార్గం, ఎందుకంటే అక్కడ పాస్‌వర్డ్ కొట్టే పనే ఉండదు. తప్పక లాగిన్ కావలసివస్తే ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, gmail.com అని స్వయంగా టైపు చేసి, పాస్‌వర్డ్ దాచడానికి ఒప్పుకోకుండా, ఆ టిక్కు తీసి లోపలికి వెళ్లాలి. ప్రింటు అయ్యాక ఫైలును Shift+Delete నొక్కి చెరిపి, Sign out చేసి, విండోలన్నీ మూయాలి. Shift లేకుండా చెరిపిన ఫైలు Recycle Bin‌లో భద్రంగానే ఉంటుంది.

ఇంటికి చేరాక చేయవలసినది మరొకటి ఉంది: సొంత ఫోన్ నుంచి పాస్‌వర్డ్ మార్చడం. టైపు చేస్తుండగా జరిగే చోరీకి ఉన్న విరుగుడు ఇదే. పాస్‌వర్డ్ చిక్కినా అప్పటికి అది పనికిరానిదవుతుంది. లాగౌట్ చేశామో లేదో అన్న అనుమానం ఉంటే myaccount.google.com/device-activity పేజీలో ఆ కంప్యూటర్‌ను వెతికి దూరం నుంచే లాగౌట్ చేయవచ్చు. తెలియని లాగిన్ అక్కడ కనిపిస్తే మాత్రం పాస్‌వర్డ్ మార్చి ఊరుకోకూడదు. లోపలికి వచ్చినవారు ఉత్తరాల ప్రతులు తమకు చేరేలా ఫార్వర్డింగ్ అడ్రస్ పెట్టి ఉండవచ్చు, రికవరీ ఫోన్ నంబరు మార్చి ఉండవచ్చు; పాస్‌వర్డ్ మారినంత మాత్రాన ఆ ఫార్వర్డింగ్ ఆగదు. అందువల్ల జీమెయిల్ సెట్టింగుల్లో Forwarding and POP/IMAP, Filters భాగాలను, ఆపైన ఖాతా రికవరీ వివరాలను ఒక్కొక్కటిగా చూసి, తాము పెట్టని ప్రతిదానినీ తొలగించాలి. డబ్బు పోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి.