‘అవకాశ్ ఆహే’ అంటే అవకాశం ఉందని కాదు

వర్లి బీడీడీ చాళ్లలో 160 చదరపు అడుగుల గదికి బదులు 500 చదరపు అడుగుల ఇల్లు ఇచ్చే పనిని మ్హాడా చేపట్టింది. కామాఠిపురలోనూ పునర్నిర్మాణం మాటే నడుస్తోంది. మన పెద్దలకు బజారు మరాఠీ వచ్చు, కాగితాల మరాఠీ రాదు. అందుకే మీటింగుకు మనవడినో పక్కింటి పిల్లనో దుబాసీగా తీసుకెళ్తాం.

మాకు తెలిసిన ఒక పెద్దమ్మ, “కొత్త ఇల్లు చేతికి ఎప్పుడొస్తది?” అని అడిగింది. అవతలివారు “తాబా మిళాయ్‌లా అజూన్ అవకాశ్ ఆహే” అన్నారు. మనవడు తొందరలో “అవకాశం ఉందట, నానమ్మా” అన్నాడు. ఇల్లు త్వరలోనే వస్తుందనుకుని, వచ్చే నెలలో అద్దె గది వదిలేస్తామని యజమానికి చెప్పబోయింది. కానీ మరాఠీలో ఆ మాటకు ‘ఇంకా టైముంది’ అని అర్థం. “ఎన్ని నెలలు?” అని మళ్లీ అడిగించాక “కిమాన్ దీడ్ వర్ష్”, అంటే కనీసం ఏడాదిన్నర అన్నారు. అద్దె గది నిలిచింది.

రెండు భాషల్లో ఒకేలా వినిపించే మాటలే ఎక్కువ మోసం చేస్తాయి. ‘ఆగ్రహ్’ కూడా అలాంటిదే. మనకు అది కోపం, మరాఠీలో పట్టుబట్టి అడగడం. “ఆమ్‌చా ఆగ్రహ్ ఆహే” అన్నవారు మన మీద మండిపడటం లేదు.

అందుకే ఒకటి రెండు వాక్యాలు చెప్పి ఆగాలి. ఐదు నిమిషాలు ఏకధాటిగా మాట్లాడితే దుబాసీ సారాంశమే చెబుతాడు, మన షరతు అందులో జారిపోతుంది. “అద్దె ప్రతి నెలా 5వ తేదీలోపు రావాలి” అన్నదాన్ని “అద్దె టైముకు కావాలట” అని కుదించకూడదని ముందే చెప్పాలి. చూపు దుబాసీ మీద కాక అవతలి వ్యక్తి మీద ఉండాలి. వింటూ తలూపకండి. మనం ‘వింటున్నా’ అని ఊపితే వారు ‘ఒప్పుకున్నారు’ అని తీసుకోవచ్చు.

సరిచూసుకోవడానికి “అర్థమైందా?” అని అడిగితే లాభం లేదు, అందరూ అవునంటారు. “మనం ఒప్పుకున్నది మీ మాటల్లో చెప్పండి” అని అవతలివారిని అడిగించాలి. వారి జవాబును దుబాసీ తెలుగులో పూర్తిగా చెప్పాలి. తేదీ, అద్దె, నెలల సంఖ్య అంకెల్లో కాగితం మీద రాసి ఇద్దరికీ చూపాలి. అప్పుడు ‘దీడ్’ అన్నది 18 నెలలని తేలిపోతుంది. 500 చదరపు అడుగులు కార్పెట్ లెక్కా, గోడలతో కలిపిన లెక్కా అన్నది కూడా అక్కడే రాయించాలి.

ఇంత చేసినా నిలిచేది సంతకం పెట్టిన మరాఠీ కాగితమే. దాని నకలు ఇంటికి తెచ్చుకుని, మీటింగుకు రాని మరొకరితో తెలుగులో చదివించుకోండి. మీటింగులో రాసుకున్న అంకెలతో అది కలిస్తేనే సంతకం.