రింగు వేశాక తెల్లబట్ట ఎక్కువైందా?

గర్భసంచి కిందికి జారినప్పుడు ఆపరేషన్ వద్దనుకున్నవాళ్లకీ, గుండెజబ్బు వంటివి ఉండి చేయించుకోలేనివాళ్లకీ డాక్టర్లు యోనిలో మెత్తటి సిలికాన్ రింగు అమరుస్తారు. ఆస్పత్రి చీటీ మీద దీన్ని పెస్సరీ అని రాస్తారు. జారిన భాగాన్ని అది పైకి పట్టి ఉంచుతుంది. వేయించుకున్న కొన్నాళ్లకు చాలామందికి వచ్చే అనుమానం, తెల్లబట్ట ఎక్కువైందేమిటని.

కొంతవరకు అది మామూలే. లోపల ఒక వస్తువు ఎప్పుడూ తగులుతూ ఉంటే యోని గోడలు కాస్త ఎక్కువగా ఊరతాయి. పలుచగా, తెల్లగా ఉండి, వాసనా దురదా లేకపోతే మందులేవీ అక్కర్లేదు. చూసుకోవలసింది ఎంత అవుతోందని కాదు, రంగూ వాసనా ఎలా ఉన్నాయని. చేపల కంపులాంటి వాసన వస్తే లోపలి సూక్ష్మజీవుల సమతూకం చెడిందనుకోవచ్చు. రింగు తీసి కడగడంతో పాటు కొన్ని రోజులు మందు వాడాల్సి రావచ్చు. గులాబీ రంగో, గోధుమ రంగో కనిపిస్తే మాత్రం రింగు ఎక్కడో ఒరుసుకుంటోందేమోనని అనుమానించాలి.

అరవై దాటిన ఒకావిడ సంగతే తీసుకుందాం. రింగు వేసి ఆరు నెలలైంది. బరువు దిగిపోయిందని సంతోషంగానే ఉంది. ఓ రోజు లంగా మీద గులాబీ రంగు మరక కనిపించింది. కోడలికి చెప్పడానికి సిగ్గుపడి పాత గుడ్డలు పెట్టుకుంటూ రెండు వారాలు నెట్టుకొచ్చింది. డాక్టరు రింగు తీసి చూస్తే, గర్భసంచి ముఖద్వారం వెనక గోటి వెడల్పున ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గి యోని లోపలి పొర పలుచబడుతుంది, పొడిబారుతుంది. అలాంటి చోట రింగు అంచు రోజూ ఒత్తితే పుండు పడుతుంది. రింగును మూడు వారాలు బయటే ఉంచారు. రాత్రిపూట లోపల రాసుకోవడానికి ఈస్ట్రోజెన్ క్రీము ఇచ్చారు. ఆ మూడు వారాలూ గర్భసంచి మళ్లీ కిందికి దిగింది, నీళ్ల బిందెలు ఎత్తకుండా ఓర్చుకుంది. పుండు మానాక కొంచెం చిన్న సైజు రింగు వేశారు. ఈలోగా స్కానింగ్ కూడా తీయించారు. నెలసరి ఆగిన తర్వాత రక్తం కనిపిస్తే నెపమంతా రింగు మీదే వేసి ఊరుకోకూడదు, గర్భసంచి లోపల కూడా చూడాలి. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లయితే క్రీము మొదలుపెట్టకముందే ఆ మాట డాక్టరుకు చెప్పాలి.

ఇక అసౌకర్యం సంగతి. సరిపోయిన రింగు లోపల ఉన్నట్టే తెలియదు. కూర్చుంటే ఒత్తుకుంటోందంటే అది పెద్దదై ఉండాలి, లేదా పక్కకు తిరిగి ఉండాలి. దగ్గితేనో, దొడ్డికి ముక్కితేనో జారి బయటికొస్తోందంటే చిన్నదై ఉండొచ్చు. మలబద్ధకం ఉంటే సరైన సైజు కూడా నిలవదు. అందుకే వేసిన రోజునే కాసేపు నడిచి, గొంతుక్కూర్చుని, దగ్గి, మూత్రం పోసి చూసుకున్నాకే ఆస్పత్రి నుంచి కదలడం మంచిది. ఒకటి రెండుసార్లు సైజు మార్చాల్సి రావడం వింతేం కాదు.

రింగు రకాన్ని చాలామంది ఇంట్లోనే తీసి వేసుకోగలరు. మొదటిసారి నర్సు పక్కనుండి నేర్పాలి. చేతులు కడుక్కుని, ఒక కాలు పీట మీద పెట్టి, చూపుడువేలితో అంచు పట్టి నెమ్మదిగా కిందికి లాగాలి. గోరువెచ్చటి నీళ్లు, మామూలు సబ్బుతో కడిగి, సబ్బు పోయేదాకా తొలిచి, పగుళ్లున్నాయేమో చూసి, మడిచి మళ్లీ లోపలికి తోయాలి. ఎన్నాళ్లకోసారి తీయాలో డాక్టరునడగండి. వారానికోసారి తీసి రాత్రంతా బయట ఉంచి పొద్దున వేసుకునేవాళ్లున్నారు. డెటాల్‌తో కడగడం, యోని లోపలికి నీళ్లు కొట్టడం మంటను పెంచుతాయే తప్ప వాసన పోగొట్టవు. కాడ ఉన్న గెల్‌హార్న్ రకం లోపల గట్టిగా పట్టుకుని ఉంటుంది. తీయడం నేర్చుకోనివాళ్లు దాన్ని లాగకూడదు.

వేసిన కొన్ని వారాలకు ఒకసారి, ఆ తర్వాత మూడు నుంచి ఆరు నెలలకోసారి చూపించుకోవడం మామూలు పద్ధతి. మూత్రం ఆగిపోయినా, రక్తం బాగా పోతున్నా, జ్వరంతో పొత్తికడుపు నొప్పి వచ్చినా ఆ రోజే వెళ్లాలి. దుర్వాసన, మరకలు, దొడ్డికి రాకపోవడం లాంటివైతే తేదీ వచ్చేదాకా ఆగకుండా ముందే చూపించుకోవాలి. మూత్రమో మలమో యోనిలోంచి కారుతున్నట్టనిపిస్తే ఇంకా తొందరపడాలి. ఏళ్ల తరబడి మరిచిపోయిన రింగు గోడలోకి దిగబడి, మూత్రాశయానికో పేగుకో దారి చేసే ప్రమాదం అరుదుగానే అయినా ఉంది. ముసలితనంలో మతిమరుపు వచ్చినవాళ్లకూ, ఊరు మారి పిల్లల దగ్గరికి చేరినవాళ్లకూ ఈ ముప్పు ఎక్కువ. రింగు ఉందనీ, వేసిన తేదీ ఇదనీ ఇంట్లో ఒక్కరికైనా తెలియాలి. కొత్త డాక్టరుకు చూపించే చీటీలోనూ ఆ రెండూ రాసి ఉండాలి.